ఒక్క పేజీ రెజ్యూమె.. ఎక్కడ చెడుతోంది?

*చదువుంది, మార్కులున్నాయి, ప్రాజెక్టులూ ఉన్నాయి. అయినా పిలుపు రాదు. చాలాసార్లు లోపం అభ్యర్థిలో ఉండదు, పేజీ అమరికలో ఉంటుంది. ఫ్రెషర్ల రెజ్యూమెలు చూడటమే పనిగా ఉన్న రిక్రూటర్‌గా, ఒక రెజ్యూమెను పైనుంచి కిందిదాకా సరిచేసి చూపిస్తున్నాను.*

రెండు పేజీల పీడీఎఫ్. నెత్తిన పెద్ద అక్షరాలతో ‘RESUME’ అని, దాని కింద అడ్డగీత. ఎడమవైపు పేరు, తర్వాత డోర్ నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా ఐదు లైన్ల చిరునామా. కుడివైపు పాస్‌పోర్ట్ సైజు ఫొటో. దాని కింద ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ పేరుతో నాలుగు లైన్లు: సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేస్తూ సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలన్నది తన ఆశయమట. ఆ తర్వాత మార్కుల పట్టిక. ప్రాజెక్టుల దగ్గరికి వచ్చేసరికి మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీ చివర తండ్రి పేరు, పుట్టినతేదీ, హాబీలు, ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే డిక్లరేషన్, సంతకం కోసం చుక్కల గీత.

ఈ రెజ్యూమె విశాఖ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసిన అమ్మాయిది. సీనియర్ దగ్గర ఫైలు తీసుకుని పేరు మార్చుకుంది. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర తీసుకుని ఉంటాడు. మన కాలేజీల్లో రెజ్యూమె చేతులు మారేది ఇలాగే. అందుకే తప్పులు కూడా బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు చెక్కుచెదరకుండా అందుతుంటాయి.

“ఒక్క పేజీకి కుదించమంటున్నారు మేడం. ఫాంటు ఎనిమిదికి తగ్గించినా రావట్లేదు” అంది.

“ఫాంటు జోలికి వెళ్లకమ్మా. ముందు ఈ పేజీలో ఎవరికీ పనికిరానిది ఎంతుందో చూద్దాం” అన్నాను.

మొదట కన్ను పడేది పైభాగం మీదే

లాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటిచూపు ఎటు తిరుగుతోందో కొలిచి, తొలి పరిశీలనకు సగటున 7.4 సెకన్లు పడుతోందని 2018లో చెప్పింది. మన దగ్గర కచ్చితంగా అంతే అనడానికి లేదు కానీ, వందల ఫైళ్లు ముందున్నప్పుడు తొలిచూపు ఎవరిదైనా క్షణాల్లోనే ముగుస్తుంది. ఆ కాసేపట్లో ఫ్రెషర్ రెజ్యూమెలో నేను వెతికేవి నాలుగే. ఏ బ్రాంచి, ఏ సంవత్సరం పాసవుట్, మార్కులెంత, చేతిలో ఉన్న పని ఏమిటి. ఈ నాలుగూ పేజీలో పై మూడోవంతులో దొరికితే కిందికి చదువుతాను.

ఈ అమ్మాయి రెజ్యూమెలో ఆ మూడోవంతు చిరునామాకు, ఫొటోకు, ఆశయానికి పోయింది. బస్సు నుదుటి మీద ‘బస్సు’ అని రాయరు, ఏ ఊరు వెళ్తుందో రాస్తారు. రెజ్యూమె మీద ‘RESUME’ అని రాయడం కూడా అంతే అనవసరం. ముందు అది తీసేశాం. ఆ చోట పేరు పెట్టి 18 పాయింట్ల సైజు ఇచ్చాం. పేరు కింద ఒకే లైను: ఫోన్ నంబరు, ఈమెయిల్, ఊరు, లింక్డిన్ లేదా గిట్‌హబ్ చిరునామా. డోర్ నంబరు, వీధి పేరు నాకు అక్కర్లేదు. ఆఫర్ లెటర్ పంపేటప్పుడు అడుగుతాం. ఊరు మాత్రం కావాలి, ఎందుకంటే హైదరాబాద్ ఉద్యోగానికి ఎవరు ఎక్కడినుంచి రావాలో తెలియాలి.

ఫొటో కూడా తీసేశాం. విమానయానం, ఆతిథ్యం లాంటి కొన్ని రంగాల్లో అడిగితే తప్ప సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, కోర్ ఇంజినీరింగ్ ఉద్యోగాలకు దానితో పనిలేదు. ఇక కెరీర్ ఆబ్జెక్టివ్. అందులో పేరు చెరిపేసి చదివితే అది ఎవరిదో చెప్పలేం. ఎవరికైనా సరిపోయే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు కాబట్టి ఆ నాలుగు లైన్లూ తీసేశాం. ఉంచాలనుకుంటే ఒక్క లైను చాలు: ‘కంప్యూటర్ సైన్స్, 2025 పాసవుట్, జావా, మైఎస్‌క్యూఎల్‌తో రెండు ప్రాజెక్టులు, బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగం కోసం’. ఇందులో నాకు కావలసిన మూడు సమాధానాలు వచ్చేశాయి.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది. పేరు, ఫోన్ నంబరు వర్డ్‌లోని హెడర్‌లో పెట్టొద్దు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, రెజ్యూమెలను చదివి వివరాలు విడదీసే కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్, ఫుటర్‌లను వదిలేస్తాయి. అప్పుడు మీ ప్రాజెక్టులన్నీ నా దగ్గరికి వస్తాయి, ఫోన్ నంబరు మాత్రం రాదు.

రెండు నిలువు వరుసల సోకు

“నా దగ్గర ఇంకోటి ఉంది మేడం. కాన్వాలో చేశాను, అది ఒక్క పేజీలోనే ఉంది” అంటూ రెండో ఫైలు తెరిచింది. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో ఫొటో, నైపుణ్యాలు. కుడివైపు చదువు, ప్రాజెక్టులు. జావా ఎదురుగా ఐదు చుక్కల్లో నాలుగు నింపి ఉన్నాయి. ఫోన్ నంబరు ముందు చిన్న ఫోన్ బొమ్మ. ముచ్చటగానే ఉంది.

“దాన్నంతా సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యమ్మా” అన్నాను. వచ్చింది ఇది:

```
SKILLS PROJECTS
Java Bus Pass Renewal System
MySQL Aug 2024 - Nov 2024
HTML, CSS Guide: Asst. Professor
```

ఎడమ వరుసలోని నైపుణ్యాలు, కుడి వరుసలోని ప్రాజెక్టు ఒకే లైనులో కలిసిపోయాయి. రెజ్యూమె చదివే సాఫ్ట్‌వేర్‌కు అందేది కూడా చాలావరకు ఇలాంటి పాఠమే. నిలువు వరుసల్ని సరిగ్గా విడదీసే సాఫ్ట్‌వేర్లూ లేకపోలేదు. కానీ మీ ఫైలు దేనిలో పడుతుందో మీ చేతిలో లేదు. చుక్కలు బొమ్మలు కాబట్టి అసలు రాలేదు. వచ్చినా వాటికి అర్థం లేదు. జావాలో ఐదుకు నాలుగంటే ఎవరితో పోల్చి? అదే లైనులో ‘జావా: రెండు ప్రాజెక్టుల్లో వాడాను’ అని ఉంటే ఇంటర్వ్యూలో ఏం అడగాలో నాకు తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ రెజ్యూమెల్ని దానంతటదే చెత్తబుట్టలో పడేస్తుందని విద్యార్థుల్లో ఒక భయం ఉంది. అమరిక విషయంలో ఎక్కువగా జరిగేది అది కాదు. కంపెనీ డేటాబేస్‌లోనో నౌకరీ లాంటి సైట్‌లోనో నేను ‘బీటెక్, 2025, జావా’ అని వెతుకుతాను. మీ రెజ్యూమెలో ఆ మూడూ ఉన్నా, సంవత్సరం చదువు గడిలో కాకుండా ప్రాజెక్టు గడిలో పడి ఉంటే, వెతుకులాటలో మీరు కనిపించరు. ఎవరూ తిరస్కరించలేదు, ఎవరూ చూడనూ లేదు. కంపెనీ పోర్టల్‌లో రెజ్యూమె అప్‌లోడ్ చేయగానే ఫారం దానంతటదే నిండుతుంది కదా, అప్పుడు ఈ సంగతి మీకే తెలిసిపోతుంది. కాలేజీ పేరు కంపెనీ గడిలోకి, ప్రాజెక్టు పేరు హోదా గడిలోకి వచ్చిందంటే మీ అమరిక అర్థంకాలేదనే లెక్క. గడులు చేత్తో సరిచేసి ఊరుకోకండి, ఫైలునే సరిచేయండి.

డిజైన్ యాప్‌ల నుంచి దించుకున్న పీడీఎఫ్‌లలో మరో తంటా ఉంది. కొన్నింట్లో పేజీ మొత్తం ఒక బొమ్మగా మారిపోతుంది. మౌస్‌తో ఒక్క పదాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించండి. పదం నీలంగా మెరవకుండా పేజీ మొత్తం కదిలినా, ఏమీ జరగకపోయినా అది బొమ్మే. అలాగే అందం కోసం పేరులోని అక్షరాల మధ్య స్పేస్‌లు కొట్టకండి. విడివిడి అక్షరాలుగా మారిన పేరు వెతికితే దొరకదు.

గ్రాఫిక్ డిజైనర్ ఉద్యోగానికైతే సంగతి వేరు. అక్కడ అమరికే పనితనం. అప్పుడు కూడా పోర్టల్‌లో వేయడానికి ఒకే నిలువు వరుసతో సాదా ఫైలు ఒకటి ఉంచుకుని, రంగుల పనిని పోర్ట్‌ఫోలియోలో చూపించడం మేలు.

పట్టిక తీసేస్తే మూడు లైన్లు

మళ్లీ మొదటి ఫైలుకు వచ్చాం. మార్కుల పట్టికలో ఐదు గడులు: కోర్సు, కాలేజీ, బోర్డు, సంవత్సరం, శాతం. గడి ఇరుకు కావడంతో కాలేజీ పేరు నాలుగు లైన్లకు విరిగింది. మూడే చదువులు, పట్టిక మాత్రం పేజీలో ఐదోవంతు ఆక్రమించింది.

విదేశీ సలహాలు చదివి కొందరు పదో తరగతి, ఇంటర్ తీసేస్తున్నారు. మన దగ్గర ఆ పని చేయొద్దు. ఇక్కడ చాలా క్యాంపస్ డ్రైవ్‌లలో పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలనే తరహా నిబంధన ఉంటుంది. ఆ మూడు అంకెలూ కనబడకపోతే ఫోన్ చేసి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి మూడూ ఉంచాలి, ఒక్కొక్కటి ఒక్కో లైనులో. ఎడమవైపు కోర్సు, కాలేజీ, మార్కులు. కుడి అంచున సంవత్సరం.

ఆ కుడి అంచు దగ్గరే చాలామంది తడబడతారు. సంవత్సరాన్ని కుడివైపు నెట్టడానికి స్పేస్‌బార్ కొడుతూ పోతారు. కాలిబ్రి, ఏరియల్ లాంటి ఫాంట్లలో ఒక్కో అక్షరం ఒక్కో వెడల్పు ఉంటుంది. అందుకే ఎన్ని స్పేస్‌లు కొట్టినా మూడు సంవత్సరాలు ఒక నిలువు గీతలోకి రావు. ఫైలు ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ఫాంటుతో తెరుచుకుంటే మరింత చెదురుతాయి. దీనికి మందు కుడి ట్యాబు. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండువైపులా 1.9 సెం.మీ. మార్జిన్ వదిలితే రాతకు మిగిలేది 17.2 సెం.మీ. వర్డ్‌లో ఆ మూడు లైన్లు సెలెక్ట్ చేసి, Paragraph పెట్టెలో Tabs నొక్కి, 17.2 cm అని కొట్టి, Right ఎంచుకుని Set చేయాలి. కొలతలు అంగుళాల్లో కనిపిస్తుంటే 6.77. ఇక ప్రతి లైనులో సంవత్సరానికి ముందు ఒక్కసారి ట్యాబ్ కొడితే చాలు, మూడూ కుడి అంచుకు అతుక్కుంటాయి. ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్ తేదీలకూ ఇదే పద్ధతి.

ఆ పట్టిక అలా మూడు లైన్లయింది. అమ్మాయి మొహం మొదటిసారి కాస్త తేటపడింది.

అసలు చోటు ఎక్కడ పోతోంది?

ఫాంటును ఎనిమిదికి కుదించినా పేజీ ఎందుకు తగ్గలేదో ఇప్పుడు చూద్దాం. వర్డ్‌లో కొత్త ఫైలు తెరిస్తే ప్రతి పేరా తర్వాత 8 పాయింట్ల ఖాళీ దానంతటదే వస్తుంది. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ వర్డ్ లెక్కలో అది కొత్త పేరానే. వ్యాసం రాసేటప్పుడు ఆ ఖాళీ బాగుంటుంది. రెజ్యూమెలో లైను తర్వాత లైను ఎంటర్ కొడతాం కాబట్టి ప్రతి లైను కిందా 8 పాయింట్లు వృథా అవుతాయి.

లెక్క వేస్తే, కాలిబ్రి 11 పాయింట్ల సైజు, నాలుగువైపులా 2.54 సెం.మీ. మార్జిన్, 1.08 లైన్ స్పేసింగ్, ఆ 8 పాయింట్ల ఖాళీతో ఒక ఏ4 పేజీలో పట్టేవి సుమారు 31 లైన్లు. మార్జిన్ 1.9 సెం.మీ. చేసి, లైన్ స్పేసింగ్ 1కి, Spacing After సున్నాకు తెచ్చి, హెడ్డింగ్‌లకు తగినంత ఖాళీ వదిలినా అదే పేజీలో దాదాపు 50 లైన్లు పడతాయి. అక్షరం సైజు పిసరంత కూడా తగ్గలేదు. 10.5 నుంచి 11 పాయింట్ల సైజు ఉంచుకోండి. పదికి దిగితే నా లాంటివాళ్లు కళ్లు చికిలించాల్సిందే. ఫోన్‌లో తెరిచేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఖాళీ మొత్తం తీసేయడమూ తప్పే. అది ఉండాల్సిన చోట ఉండాలి. హెడ్డింగ్ పైన 10 పాయింట్లు, హెడ్డింగ్ కింద 2 లేదా 3. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటేనే ఆ హెడ్డింగ్ ఏ సమాచారానికి చెందినదో కంటికి తెలుస్తుంది. ఎక్కువమంది రెండువైపులా ఒకేలా వదులుతారు, అప్పుడు హెడ్డింగ్ రెండు భాగాల మధ్య వేలాడుతుంది. ఖాళీ కోసం ఉత్త ఎంటర్లు కొట్టొద్దు. హెడ్డింగ్ మీద కర్సర్ పెట్టి Spacing Before గడిలో 10 అని కొట్టండి. పేజీ చుట్టూ గీసిన చట్రం కూడా తీసేయండి. అది చదువరికి ఏమీ చెప్పదు.

ప్రాజెక్టుకు ఎడమ అంచే ప్రాణం

తొలిచూపులో కన్ను ఎడమ అంచు వెంట కిందికి జారుతుంది. ప్రతి లైనులో మొదటి రెండు మూడు మాటలే అందుతాయి. ఈ అమ్మాయి ప్రాజెక్టు ఐదు లైన్ల పేరా. ‘ఈ ప్రాజెక్టు ముఖ్య ఉద్దేశం’ అని మొదలై, ఆన్‌లైన్‌లో బస్ పాస్ తీసుకోవడం వల్ల ప్రజలకు కలిగే లాభాలు చెప్పి, గైడ్ పేరుతో ముగిసింది. తను ఏం చేసిందో ఎక్కడా లేదు.

“ఇందులో నీ వంతు ఏంటమ్మా?” అడిగాను.

“మేం నలుగురం మేడం. నేను డేటాబేస్ చూశాను. ఒకే స్టూడెంట్ రెండుసార్లు అప్లై చేస్తే పట్టుకునేది కూడా నేనే రాశాను.”

“మరి ఆ మాటే రాయొచ్చుగా!”

పేరాను ఇలా విడగొట్టాం. మొదటి లైనులో ప్రాజెక్టు పేరు, బోల్డ్‌లో. కుడి అంచున నెలలు. రెండో లైనులో వాడిన సాంకేతికతలు, టీమ్‌లో ఎందరు. కింద రెండు బుల్లెట్లు. ఒకటి ‘మూడు డేటాబేస్ టేబుళ్లు రూపొందించాను’ అనే అర్థంలో, రెండోది ‘రోల్ నంబరు, రూటు సరిపోల్చి డూప్లికేట్ దరఖాస్తులు ఆపాను’ అనే అర్థంలో. ఇంగ్లిషులో రాసేటప్పుడు రెండూ చేసిన పనిని చెప్పే క్రియతో మొదలవ్వాలి. ‘Designed’, ‘Wrote’ లాంటి మాట ఎడమ అంచునే ఉంటే కన్ను అక్కడ ఆగుతుంది. గైడ్ పేరు తీసేశాం. ఆయన మీద గౌరవం లేక కాదు, ఉద్యోగం ఆయనకు కాదు కాబట్టి.

ఇక్కడ ఒక చిట్కా ఉంది. బుల్లెట్ రెండో లైనులోకి వెళ్లి అక్కడ ఒకే ఒక్క మాట మిగిలితే, ఆ మాట ఒక లైను మొత్తాన్ని తినేస్తుంది. పేజీలో అలాంటివి ఐదారు ఉండటం మామూలే. ‘various’, ‘successfully’ లాంటి మాట ఒకటి కొట్టేస్తే బుల్లెట్ ఒక లైనులో ఒదుగుతుంది. ఐదు లైన్లు మిగలడమంటే ఇంకో ప్రాజెక్టుకు చోటు దొరికినట్టే.

అడుగున మిగిలినవి

తండ్రి పేరు, పుట్టినతేదీ, వైవాహిక స్థితి, డిక్లరేషన్, సంతకం: ఇవి దరఖాస్తు ఫారంలో ఉండాల్సినవి. ప్రైవేటు ఉద్యోగాల రెజ్యూమెలో వీటితో పనిలేదు. ప్రభుత్వ నోటిఫికేషన్ ఇచ్చిన నమూనాలో డిక్లరేషన్ అడిగితే మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాల్సిందే. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఒకే నమూనా వాడమంటే క్యాంపస్ డ్రైవ్‌కు అదే వాడాలి. ఈ సవరణలు బయట మీరు సొంతంగా పంపే రెజ్యూమెకు.

ఎంఎస్‌కు అమెరికా వెళ్లి ఇంటర్న్‌షిప్‌ల కోసం పంపేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడి లెటర్ సైజు కాగితం పొడవు 27.94 సెం.మీ., మన ఏ4 29.7. అంటే దాదాపు పావుతక్కువ రెండు సెంటీమీటర్లు పొట్టి. ఏ4లో అంచుదాకా నింపిన పేజీని అక్కడి సైజుకు మార్చగానే చివరి మూడు నాలుగు లైన్లు రెండో పేజీకి జారిపోతాయి. Layout, Size, Letter ఎంచుకుని మళ్లీ సర్దుకోవాలి. అక్కడ కాగితం వెడల్పు కాస్త ఎక్కువ, కాబట్టి కుడి ట్యాబు కూడా జరపాలి. ఫొటో, పుట్టినతేదీ అసలే వద్దు. వివక్ష ఆరోపణలు వస్తాయని అక్కడి కంపెనీలు వాటికి దూరంగా ఉంటాయి.

చివరికి ఆ అమ్మాయి రెజ్యూమె 38 లైన్లకు వచ్చింది. పేజీ అడుగున నాలుగు వేళ్ల ఖాళీ మిగిలింది. “వెలితిగా ఉంది మేడం, హాబీలు పెట్టనా?” అంది. వద్దన్నాను. పాటలు వినడం, క్రికెట్ చూడటం చదివి నేను చేసేదేమీ లేదు. ఆ ఖాళీని ఫాంటు పెంచి నింపడం కూడా వద్దు. మూడో సంవత్సరంలో చేసిన మినీ ప్రాజెక్టు మొదటి ఫైలులో చోటు చాలక వదిలేసిందట. అది అక్కడ చేరింది.

పంపే ముందు అరగంట

- ఒకే నిలువు వరుస. టెక్స్ట్ బాక్సులు, పట్టికలు, బొమ్మలు, నైపుణ్యాల చుక్కలు లేవు.
- పేరు, ఫోన్, ఈమెయిల్ హెడర్‌లో కాక పేజీలోనే ఉన్నాయి.
- బ్రాంచి, పాసవుట్ సంవత్సరం, మార్కులు పై మూడోవంతులో ఉన్నాయి.
- మార్జిన్ 1.9 సెం.మీ., అక్షరాలు 10.5 నుంచి 11, Spacing After సున్నా, హెడ్డింగ్ పైన 10.
- తేదీలన్నీ కుడి ట్యాబుతో ఒకే అంచున, ఒకే తీరులో. ఒకచోట నెల పేరు, ఇంకోచోట అంకె వద్దు.
- వర్డ్ నుంచి Save As ద్వారా పీడీఎఫ్. ప్రింటు తీసి స్కాన్ చేసింది పనికిరాదు.
- పీడీఎఫ్ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే పైనుంచి కిందికి వరసగా చదవగలగాలి.
- ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడాలి. ఈమెయిల్, గిట్‌హబ్ లింకులు నొక్కితే తెరుచుకోవాలి.
- ఫైలు పేరు ‘resume final new (2)’ కాదు. మీ పేరు, బ్రాంచి, సంవత్సరం. నా కంప్యూటర్‌లో ‘resume’ అనే పేరుతో ఉన్న ఫైళ్లకు లెక్కలేదు. వాటిలో మీది ఏదో వెతకాల్సిన పని నాకు పెట్టకండి.